టోయామా కుటుంబానికి తెలుగు, జపనీస్ భాషల్లో కృతజ్ఞతల ఉత్తరం

ప్రశ్న: "మే నెలలో మూడు వారాలు జపాన్‌లోని టోయామాలో ఒక కుటుంబం ఇంట్లో ఉండి, పోయిన వారం తిరుపతికి తిరిగి వచ్చాను. నేను శాకాహారిని కాబట్టి ఆ ఇంటి అమ్మ, నేను ఒకాసాన్ అని పిలిచే ఆవిడ, రోజూ ఉదయం నాకోసం చేపల రసం కలపని మిసో సూపు, అంటే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూపు, వేరుగా చేసేవారు. అక్కడి బామ్మతో కలిసి రేడియో వ్యాయామం చేసేదాన్ని. వాళ్లకు తెలుగులోనూ జపనీస్‌లోనూ ఒక కృతజ్ఞతల ఉత్తరం రాయాలి. మా అమ్మ కూడా నాలుగు మాటలు రాస్తానంటోంది, ఆమెకు తెలుగు మాత్రమే వచ్చు. నేను జపనీస్ భాషా పరీక్షలో ప్రాథమిక స్థాయి అయిన ఎన్4 వరకు చదివాను. ముందు తెలుగులో రాసి దాన్ని జపనీస్‌లోకి మారిస్తే సరిపోతుందా?"

సరిపోదు. తెలుగు ఉత్తరాన్ని వాక్యానికి వాక్యంగా మార్చకండి. చెప్పదలచిన రెండు మూడు సంగతులను ముందుగా తేల్చుకుని, అవే సంగతులను జపనీస్‌లో చిన్న చిన్న వాక్యాలుగా మీరు, తెలుగులో తన ధోరణిలో మీ అమ్మగారు, విడివిడిగా రాయండి. మొదటి కాగితం మీ జపనీస్ ఉత్తరం, రెండవ కాగితం అమ్మగారి తెలుగు మాటలు, వాటి కింద వాటి సారాంశం జపనీస్‌లో రెండు మూడు వాక్యాలు. ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు.

నేను తిరుపతిలో పద్నాలుగేళ్లుగా జపనీస్ చెబుతున్నాను. శ్రీసిటీలోని కర్మాగారాల తరఫున శిక్షణకు వెళ్లి వచ్చిన ఇంజనీర్లూ, విద్యార్థి బృందాలతో వెళ్లి వచ్చిన పిల్లలూ ఇలాంటి ఉత్తరాలు తెచ్చి చూపిస్తుంటారు. వాటిలో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం వ్యాకరణానివి కావు. తెలుగులో ఎంతో మర్యాదగా వినిపించే మాట జపనీస్‌లోకి వెళ్లగానే బరువుగానో మొరటుగానో మారిపోవడం వల్ల వచ్చేవి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది "మీరు" అనే మాట. మనకు "మీరు" గౌరవవాచకం కనుక, దానికి సమానంగా పుస్తకంలో కనిపించే "అనత" అనే మాటను పిల్లలు ఉత్తరమంతా వాడేస్తారు. పెద్దవారిని, అందులోనూ అన్నం పెట్టిన ఇల్లాలిని "అనత" అనడం జపనీస్‌లో మర్యాద కాదు. అక్కడ మనిషిని వరుసతోనో పేరుతోనో పిలవాలి. మీరు ఆ ఇంట్లో అమ్మను ఒకాసాన్, నాన్నను ఒతోసాన్, బామ్మను ఒబాచాన్ అని పిలిచి ఉంటారు కదా, ఉత్తరంలోనూ అలాగే రాయండి. "మీరు నాకు సూపు చేశారు" అనకుండా "ఒకాసాన్ సూపు చేసిపెట్టారు" అన్నట్టు రాయాలి. మన ఊళ్లలోనూ పక్కింటి పెద్దావిడతో మాట్లాడుతూ "అత్తా, అత్త చేసిన పులుసు బాగుండాది" అని ఎదుటివారినే వరుసతో ప్రస్తావించే అలవాటు ఉంది. దాన్ని గుర్తుపెట్టుకుంటే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఇక మీరు ప్రత్యేకంగా చెప్పాలనుకున్న మిసో సూపు సంగతి. ఈ ఉత్తరానికి ప్రాణం అదే, కాబట్టి దాని వెనుక ఉన్న శ్రమ ఏమిటో ముందు మీకు స్పష్టంగా తెలియాలి. జపాన్ ఇళ్లలో మిసో సూపుకు ఆధారమైన రసాన్ని దాషి అంటారు. సాధారణంగా దాన్ని కత్సువొబుషి అనే ఎండబెట్టిన చేప తురుముతోనో, చిన్న ఎండుచేపలతోనో కాస్తారు. దాషి అంతా ఒకే గిన్నెలో కాచి, ఇంట్లో అందరికీ అందులోంచే సూపు చేస్తారు. మీకోసం ఆమె చేపను వదిలేసి, కొంబు అనే ఎండు సముద్రపు నాచును చల్లటి నీళ్లలో, బహుశా రాత్రే, నానబెట్టి ఉంటారు. తెల్లవారాక సన్నని సెగ మీద వేడిచేసి, నీళ్లు మరగకముందే ఆ నాచును తీసేయాలి, లేకపోతే జిగురూ చేదూ దిగుతాయి. ఆ తర్వాత కూరలు వేసి ఉడికించి, చివరగా పొయ్యి కట్టేసి మిసో కలపాలి. అంటే ఇరవై ఒక్క ఉదయాలు ఆమె పొయ్యి మీద రెండో గిన్నె పెట్టారన్నమాట. టోయామావారికి కొంబు అంటే ప్రాణం. హొక్కైదో నుంచి సరుకుల ఓడలు కొంబును మోసుకొచ్చిన కాలం నుంచీ అది వాళ్ల వంటలో కలిసిపోయింది. అందువల్ల మీరు కొంబు పేరెత్తి కృతజ్ఞత చెబితే, ఆమె చేసిన పనిని మీరు గమనించారనీ, తమ ఊరి రుచి మీ నాలుక మీద నిలిచిందనీ రెండూ ఆమెకు తెలుస్తాయి. "భోజనం చాలా బాగుంది, ధన్యవాదాలు" అని రాస్తే ఈ రెండింటిలో ఒక్కటీ చేరదు.

దీన్ని చెప్పడానికి జపనీస్‌లో ఒక చక్కటి క్రియారూపం ఉంది, అది మన తెలుగుకు చాలా దగ్గర. "అమ్మ ఇడ్లీలు చేసింది" అంటే వార్త, "అమ్మ నాకు ఇడ్లీలు చేసిపెట్టింది" అంటే అందులో ప్రేమా, మనం పొందిన మేలూ ఉన్నాయి. జపనీస్‌లో "త్సుకురిమషిత" అంటే చేశారు, "త్సుకుత్తె కుదసైమషిత" అంటే గౌరవంతో కూడిన "చేసిపెట్టారు". కృతజ్ఞతల ఉత్తరంలో వాళ్లు మీకోసం చేసిన ప్రతి పనికీ ఈ రెండో రూపమే వాడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "ఇతదకిమషిత" అనే ఇంకొక రూపం కూడా మీరు చదివి ఉంటారు. అది పొందినవారి వైపు నుంచి చెప్పేది, దానితో చేసినవారి పేరు పక్కన "ని" రావాలి. "ఒకాసాన్ వ త్సుకుత్తె ఇతదకిమషిత" అని కలగాపులగంగా రాస్తే ఒకాసాన్‌కే ఎవరో చేసిపెట్టినట్టు అర్థం తిరగబడుతుంది. ఎన్4 స్థాయిలో ఉన్నవారు "కుదసైమషిత" ఒక్కటే పట్టుకుని ఉండటం మేలు.

మరొక మాట, గొకురోసమ దెషిత అని మాత్రం రాయకండి. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి, ఆతిథ్యమిచ్చిన ఇంటి పెద్దాయన రోజూ స్టేషన్‌కు కారులో దింపినందుకు "మీకు శ్రమ ఇచ్చాను" అనే మన మర్యాద మాటకు సమానం వెతికి ఆ వాక్యం పెట్టాడు. అది పైవారు కిందివారి పనిని మెచ్చుకుంటూ అనే మాట. వయసులో పెద్దవారిని అలా అనకూడదు. మన మనసులో ఉన్నదానికి అక్కడి సహజమైన మాట "ఒసెవ ని నరిమషిత". మీ సంరక్షణలో ఉన్నాను, మీ వల్ల మేలు పొందాను అని దాని భావం. ఎవరి ఇంట్లోనైనా ఉండి వచ్చాక రాసే ఉత్తరంలో ఈ వాక్యం లేకపోతే వెలితిగా ఉంటుంది. అలాగే "మీ దయవల్ల క్షేమంగా చేరాను" అని మనం రాసే వాక్యానికి "ఒకగెసమ దె" అనే మాట అచ్చంగా సరిపోతుంది. "మీకు జన్మజన్మలా ఋణపడి ఉంటాను" వంటివి తెలుగు కాగితం మీదనే ఉంచండి. జపనీస్‌లో అంత పెద్ద మాట చదివినవారికి, దానికి బదులుగా తామేం చేయాలో అన్న బరువు కలుగుతుంది.

ఇప్పుడు మీ వివరాలతోనే ఉత్తరం ఎలా ఉంటుందో చూపిస్తాను. ఉచ్చారణను తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు జపనీస్ ప్రాథమిక లిపి అయిన హిరగానలో రాసేటప్పుడు కర్తను సూచించే "వ"ను "హ" అక్షరంతోనూ, కర్మను సూచించే "ఓ"ను దానికి మాత్రమే ఉన్న ప్రత్యేక అక్షరంతోనూ రాయాలని మరచిపోకండి.

"ఒతోసాన్, ఒకాసాన్, ఒబాచాన్, ఒగెంకి దెసు క. అజిసాయి నో కిసెత్సు ని నరిమషిత. తిరుపతి వ మద తోతెమో అత్సుయి దెసు. ఒకగెసమ దె, బుజి ని కఎరిమషిత. సన్‌షూకన్, హొంతో ని ఒసెవ ని నరిమషిత."

అజిసాయి అంటే జూన్‌లో జపాన్ అంతటా గుత్తులు గుత్తులుగా పూసే నీలి, ఊదా రంగుల పూలు. ఉత్తరాన్ని ఋతువుతో మొదలుపెట్టడం వాళ్ల ఆచారం, జూన్ ఉత్తరానికి ఈ పూల ప్రస్తావన చక్కగా సరిపోతుంది. వాళ్ల ఋతువు ఒక వాక్యం, మన ఋతువు ఒక వాక్యం చెబితే చాలు. మీకు ఓపిక ఉంటే "ఇక్కడ మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి" అనో, "రోహిణి కార్తె ఎండలకు మేడ మీద అడుగుపెట్టలేకపోతున్నాం" అనో తెలుగు భాగంలో రాయించండి. ఉత్తరం ఏ ఊరి నుంచి వచ్చిందో దానివల్ల తెలుస్తుంది.

"ఒకాసాన్ వ మైఅస, సకన ఓ త్సుకవనై మిసోషిరు ఓ త్సుకుత్తె కుదసైమషిత. అనో కొంబు నో అజి ఓ వసురెమసెన్."

ప్రతి ఉదయం చేప వాడని మిసో సూపు చేసిపెట్టారు, ఆ కొంబు రుచిని మరచిపోను. చూడండి, రెండే వాక్యాలు, రెండూ మీ స్థాయిలోనివే. "చాలా", "ఎంతో", "మాటల్లో చెప్పలేను" వంటివి వీటికి చేర్చవలసిన పని లేదు.

"ఒబాచాన్ తొ ఇష్షో ని షిత రజియో తైసో గ తనోషికత్త దెసు. ఇమ మొ మైఅస షితెఇమసు."

బామ్మతో కలిసి చేసిన రేడియో వ్యాయామం సరదాగా ఉండేది, ఇప్పటికీ రోజూ ఉదయం చేస్తున్నాను. ఈ రెండో వాక్యం నిజమైతేనే రాయండి, నిజం కాకపోతే తీసేయండి. అక్కడ ఉదయం ఆరున్నరకు రేడియోలో ఆ పియానో సంగీతం మొదలవుతుంది. మీ ఉత్తరం చదివిన బామ్మగారికి ఆ వేళ అయ్యేసరికి మీరు గుర్తుకొస్తారు. ఒతోసాన్ గురించి మీరు ప్రశ్నలో ఏమీ చెప్పలేదు. ఆయన చేసిన ఒక పనిని కూడా ఇలాగే ఒక్క వాక్యంలో తప్పకుండా చేర్చండి. ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరికి వివరంగా రాసి ఒకరిని "అందరికీ" అనే మాటలో కలిపేస్తే, చదివే మనిషికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్లకూ ఒక వాక్యం, అదీ పూర్తిగా హిరగానలో, పెద్ద అక్షరాలతో.

"మినసమ, దోజో ఒకరద ని కి ఓ త్సుకెతె కుదసై. హొంతో ని అరిగతో గొజైమషిత."

మీ బస ముగిసిపోయింది కనుక చివరి మాట భూతకాలంలో "గొజైమషిత" అని ఉండాలి. దాని కింద తేదీ, మీ పేరు విదేశీ పేర్లకు వాడే కటకాన లిపిలో, ఆ తర్వాత కుటుంబం పేరుకు "గారు" లాంటి గౌరవసూచకం "సమ" చేర్చి. పేరు మొదట్లో కాకుండా చివర రావడం మనకు వింతగా ఉంటుంది, కానీ వాళ్ల ఉత్తరాలలో వరుస అదే.

కొందరు పుస్తకం చూసి ఉత్తరాన్ని "హైకెయి" అనే మాటతో మొదలుపెట్టాలా అని అడుగుతారు. అది లాంఛనమైన ఉత్తరాలకు పెట్టే ప్రారంభం. దానితో మొదలుపెడితే "కెయిగు" అనే మాటతో ముగించి తీరాలి, మధ్యలోని భాష కూడా అంతే పెద్ద తరహాలో సాగాలి. మిమ్మల్ని పంపిన సంస్థకో, అక్కడి పాఠశాల అధిపతికో రాసేటప్పుడు ఆ పద్ధతి కావాలి. మూడు వారాలు కలిసి భోంచేసిన ఇంటికి అలా రాస్తే, నిన్నటిదాకా "ఒకాసాన్" అని పిలిచిన అమ్మాయి ఇవాళ కార్యాలయం నుంచి లేఖ పంపినట్టు ఉంటుంది.

అమ్మగారి కాగితం విషయానికి వస్తే, దయచేసి ఆమె మాటలను మీరు దిద్దకండి. ఇదివరకు ఒక తల్లి రాసిన నాలుగు వాక్యాలను కూతురు "గ్రాంథికంగా బాగుండాలి" అని మార్చి తెచ్చింది. నేను పాత కాగితం కూడా అడిగి చూశాను, పాతదే ఎంతో బాగుంది. ఆ తల్లి ఇలా రాసింది: "అమ్మా, నమస్కారం. మా పిల్లను మీ బిడ్డ మాదిరిగా చూసుకున్నారు. చేపలు తినదని తెలిసి వేరేగా వండిపెట్టినారంట. ఆ మాట విన్నాక నా గుండెల్లో దిగులు పోయింది. మీరంతా ఒకసారి తిరుపతికి వచ్చి మా ఇంట్లో అన్నం తినిపోండి." ఆ పక్కన కూతురు రాసిన "మీ అవ్యాజమైన ఆతిథ్యానికి హృదయపూర్వక ధన్యవాదములు" అనే వాక్యంలో ఆ ఇల్లూ లేదు, ఆ బిడ్డా లేదు. మన ఇళ్లలో ఒకరికొకరు "ధన్యవాదాలు" అని చెప్పుకోవడం వాడుకలో లేదు. "బిడ్డ మాదిరిగా చూసుకున్నారు", "మా ఇంటికి రండి" అనడమే మన కృతజ్ఞత. అమ్మగారిని ఆ ధోరణిలోనే రాయనివ్వండి. పైన "శ్రీ" పెట్టే అలవాటుంటే పెట్టనివ్వండి.

తెలుగు చదవలేని వాళ్లకు ఆ కాగితం ఎందుకని మీకు సందేహం రావచ్చు. మూడు వారాలు తమ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి రోజూ ఫోన్‌లో ఏదో భాషలో తల్లితో మాట్లాడటం వాళ్లు విన్నారు. ఆ తల్లి చేతిరాత ఇప్పుడు కళ్లకు కనిపిస్తుంది. అర్థం కోసం కింద మీరు "హహ యొరి", అంటే "అమ్మ నుంచి", అని రాసి, "ముసుమె ఓ తైసెత్సు ని షితె కుదసత్తె, అరిగతో గొజైమషిత. హహ వ అన్షిన్ షిమషిత. జెహి తిరుపతి ని ఇరషితె కుదసై" అని చేర్చండి. నా కూతురిని ఎంతో అపురూపంగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు, అమ్మ నిశ్చింత పడింది, తప్పకుండా తిరుపతికి రండి అని భావం. "గుండెల్లో దిగులు పోయింది" అనేది "అన్షిన్" అనే ఒక్క మాటలోకి ఒదిగిపోయింది, గమనించండి. గుండెనూ దిగులునూ విడివిడిగా అనువదించి ఉంటే వైద్యుడికి చెప్పే మాటలా తయారయ్యేది.

ఉత్తరంలో అభ్యర్థన కలపకండి. "వచ్చే ఏడాది మళ్లీ మీ ఇంట్లో ఉండవచ్చా", "నా ధ్రువపత్రం పంపగలరా" వంటివి ఎంత అవసరమైనా వేరే సందేశంలో, కొన్నాళ్లు ఆగి అడగండి. చివరన "మరచిపోయాను" అంటూ తాజా కలంగా ఒక పంక్తి చేర్చడం కూడా పెద్దవారికి రాసే ఉత్తరంలో వాళ్లు పాటించరు. ఏదైనా మరచిపోతే కాగితం మార్చి మళ్లీ రాయండి.

కాగితం, సిరా గురించి రెండు మాటలు. తెలుపు లేదా లేత రంగు గీతల కాగితం మీద, నలుపు లేదా నీలం పెన్నుతో, అడ్డంగానే రాయండి. నిలువు రాత మరింత సంప్రదాయమే అయినా, తెలుగు నిలువుగా సాగదు కనుక రెండు కాగితాలూ ఒకే తీరున ఉండటం చూడముచ్చటగా ఉంటుంది. పెన్సిల్ వద్దు, ఎర్ర సిరా అసలే వద్దు. మనకు ఎరుపు శుభం కాబట్టి ఒక అమ్మాయి కుటుంబం పేరును ఎర్ర స్కెచ్ పెన్నుతో ముగ్గులా అలంకరించింది. జపాన్‌లో మనిషి పేరును ఎర్రగా రాయడం అశుభం, ఎర్ర సిరా ఉత్తరం తెగతెంపులకు గుర్తు. అదృష్టవశాత్తూ అది కవరులోకి వెళ్లకముందే నా కంట పడింది.

ఏదైనా వస్తువు జతచేయాలనిపిస్తే బరువులేనిది, చదునుగా ఉండేది, ఖరీదు కానిది చాలు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో చేసిన పుస్తకపు గుర్తు నేను తరచూ సూచిస్తాను, కాగితాల మధ్య ఇమిడిపోతుంది. ఖరీదైనది పంపితే వాళ్లు తిరిగి మరొకటి పంపవలసి వచ్చిందని భావిస్తారు. మామిడిపండ్లు, విత్తనాలు, మొక్కలకు సంబంధించినవి మాత్రం కవరులో పెట్టకండి, అక్కడి క్వారంటైన్ నిబంధనలు కఠినంగా ఉంటాయి.

ఇక సమయం. ఇలాంటి ఉత్తరం తిరిగి వచ్చిన వారం, పది రోజులలో పోస్టులో పడాలి. నేను మొదటిసారి జపాన్ వెళ్లి వచ్చినప్పుడు, భాష ఇంకా మెరుగుపడ్డాక అందంగా రాద్దామని మూడు నెలలు ఆలస్యం చేశాను. చివరికి "ఒరెయి గ ఒసొకు నరిమషితె, మోషివకె అరిమసెన్", కృతజ్ఞతలు చెప్పడం ఆలస్యమైనందుకు క్షమించండి, అనే వాక్యంతో మొదలుపెట్టవలసి వచ్చింది. వాళ్లు ఆప్యాయంగానే జవాబిచ్చారు, కానీ అందులో "నువ్వు క్షేమంగా చేరావో లేదో అనుకుంటూ ఉన్నాం" అన్న ఒక్క మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీకు ఇంకా సమయం ఉంది. ఈ ఆదివారం అమ్మగారితో కూర్చుని రెండు కాగితాలూ ముగించండి.

కవరు మీద వాళ్ల చిరునామాను జపనీస్‌లోనే రాయవచ్చు, ఏడంకెల పిన్‌కోడ్ తప్పకుండా ఉండాలి. దేశం పేరు మాత్రం చివరి పంక్తిలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాయండి, ఎందుకంటే మన వైపు తపాలా ఉద్యోగులు చూసేది ఆ ఒక్క పంక్తినే. వాళ్లు చేతితో రాసిచ్చిన చిరునామా కాగితం మీ దగ్గర ఉంటే, కంజి అక్షరాలు తప్పు పోకుండా దాన్నే పెట్టుకుని చూసి రాయండి. హెడ్ పోస్టాఫీసులో తూకం వేయించి స్టాంపులు అంటించండి, ఉత్తరం ఎక్కడ ఉందో తెలుసుకోవాలనుకుంటే విదేశీ స్పీడ్ పోస్టు అడగండి. చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి, పోస్టు చేసిన రోజునే మీరు వాడే లైన్ యాప్‌లో "క్యో, తెగమి ఓ ఒకురిమషిత" అని, ఈరోజు ఉత్తరం పంపానని, ఒక్క వాక్యం పంపండి. లోపల ఏముందో మాత్రం ఫోటో తీసి పంపకండి, కవరు వాళ్ల చేతులతో విప్పనివ్వండి.